వాయిదాల మీద అమ్మిన ఫ్రీజర్: అమ్మకం ధర ఎంత, వడ్డీ ఎంత, ఏ సంవత్సరానికి ఎంత

ప్రశ్న: "విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకు డీప్ ఫ్రీజర్ల షాపు ఉంది. నగదుకైతే ఒక మోడల్ లక్ష రూపాయలు, జీఎస్టీ అదనం. వాయిదాల మీదైతే ముందుగా 24,000 కట్టించుకుని, తర్వాత 18 నెలలు నెలకు 6,000 చొప్పున తీసుకుంటాం. ఇన్నాళ్లూ జీఎస్టీ పోను 1,14,000 మొత్తాన్నీ అమ్మిన రోజే అమ్మకంగా రాస్తున్నాం. వడ్డీని వేరు చేయాలని ఆడిటర్ గారు అంటున్నారు. ఎలా వేరు చేయాలి? ఏ సంవత్సరానికి ఎంత చూపాలి?"

జవాబు:

మీ ఆడిటర్ గారు చెప్పింది సరైనదే. ఫ్రీజర్ డెలివరీ ఇచ్చిన రోజున అమ్మకంగా రాయవలసినది లక్ష రూపాయలు మాత్రమే. మిగిలిన 14,000 ఫ్రీజర్ ధర కాదు, కొన్నవారికి మీరు 18 నెలల పాటు అప్పు పెట్టినందుకు వచ్చే వడ్డీ. ఆ అప్పు ఉన్నన్నాళ్లూ, ప్రతి నెలా మిగిలి ఉన్న బాకీని బట్టి, అది కొంచెం కొంచెంగా ఆదాయం అవుతుంది. డిసెంబరు 31న అమ్మి, జనవరి నెలాఖరు నుంచి వాయిదాలు మొదలైన ఒక్క ఫ్రీజర్‌ను తీసుకుంటే, ఆ 14,000లో మార్చి 31తో ముగిసే మొదటి సంవత్సరానికి 4,034, రెండో సంవత్సరానికి 9,438, మూడో సంవత్సరానికి 528 వస్తాయి. ఈ అంకెలు ఎలా వచ్చాయో కింద వివరంగా చెబుతాను. పద్ధతి ఒకసారి పట్టుబడితే మీ షాపులోని ప్రతి ఒప్పందానికీ దాన్నే వాడుకోవచ్చు.

ముందుగా నియమం సంగతి. మీలాంటి వ్యాపారాలకు వర్తించేది చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ జారీ చేసిన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 9. వాయిదాల అమ్మకాల్లో వడ్డీ మినహాయించిన అమ్మకం ధరను అమ్మిన తేదీనే ఆదాయంగా గుర్తించాలని, వడ్డీ భాగాన్ని మాత్రం అమ్మినవారికి ఇంకా రావలసిన బాకీకి అనుపాతంగా గుర్తించాలని అందులో స్పష్టంగా ఉంది. ఈ రెండో సగమే చాలామంది గమనించరు. వడ్డీని వేరు చేసినవారు కూడా దాన్ని 18 నెలలకు సమానంగా పంచేస్తారు. బాకీ నెలనెలా తగ్గుతున్నప్పుడు దాని మీద వడ్డీ సమానంగా ఉండటానికి వీల్లేదు. లిస్టెడ్ కంపెనీలకు, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 115 కూడా ఇదే దారిలో నడుస్తుంది. అయితే సరుకు ఇవ్వడానికీ డబ్బు రావడానికీ మధ్య వ్యవధి ఏడాది లోపే ఉంటుందనుకుంటే వడ్డీని వేరు చేయకుండా వదిలేసే వెసులుబాటు అందులో ఉంది. ఏఎస్ 9లో అలాంటి వెసులుబాటు లేదు. మీ ఒప్పందం ఎలాగూ 18 నెలలది కాబట్టి ఆ చర్చ మీకు అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఫ్రీజర్ లెక్కకు వద్దాం. నగదు ధర 1,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 18,000, వెరసి 1,18,000. అందులో 24,000 ముందే వచ్చింది. అంటే ఆ రోజున మీరు నిజంగా పెట్టిన అప్పు 94,000. దానికి బదులుగా మీకు రాబోయేది 18 వాయిదాలు, ఒక్కొక్కటి 6,000, మొత్తం 1,08,000. తేడా 14,000. వడ్డీ ఎంతన్నది ఇక్కడితో తేలిపోయింది. ఏ రేటు మీద తేలిందన్నదే ఇప్పుడు కనుక్కోవాలి.

ఇక్కడే మీ సేల్స్ కుర్రాళ్లు కొన్నవారికి చెప్పే రేటును నమ్మకూడదు. 94,000 మీద ఏడాదిన్నరకు 14,000 అంటే సంవత్సరానికి పది శాతం కూడా లేదనిపిస్తుంది. అది ఫ్లాట్ రేటు. కొన్నవారు 18 నెలలూ మొత్తం 94,000 మీ దగ్గర వాడుకున్నట్టు ఊహించి కట్టిన లెక్క అది. నిజానికి మొదటి నెలాఖరు నుంచే వారు అసలు తీరుస్తూ వస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే నెలకు దాదాపు 1.5 శాతం, అంటే ఏడాదికి 18 శాతం పడుతుంది. లెక్కల్లో వాడవలసినది ఈ రెండో రేటే. కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఈ ఒక్క సూత్రం రాస్తే చాలు:

```
=RATE(18,-6000,94000)
```

జవాబు 1.5042 శాతం వస్తుంది. దీన్ని 1.5కి కుదించకుండా అలాగే ఉంచండి, ఎందుకంటే కుదిస్తే చివరి వాయిదా నాటికి కొన్ని రూపాయలు ఎటూ తేలకుండా మిగిలిపోతాయి. చివర్లో బాకీ సరిగ్గా సున్నాకి రావాలి.

మొదటి మూడు నెలలూ చేత్తో వేసి చూద్దాం. జనవరి నెలంతా బాకీ 94,000. దాని మీద వడ్డీ 1,414. నెలాఖరున వచ్చిన 6,000లో ఈ 1,414 వడ్డీకి పోతుంది, మిగిలిన 4,586 అసలుకు జమ అవుతుంది, బాకీ 89,414కు దిగుతుంది. ఫిబ్రవరిలో ఆ 89,414 మీద వడ్డీ 1,345, బాకీ 84,759. మార్చిలో వడ్డీ 1,275, బాకీ 80,034. ఈ మూడు నెలల వడ్డీ కలిపితే 4,034. మార్చి 31న మీ ఆదాయంలోకి రావలసిన వడ్డీ ఇదే. ఇలాగే ముందుకు పోతే వచ్చే ఏడాది మార్చి 31 నాటికి మూడు వాయిదాలు, 17,472 బాకీ మిగులుతాయి. ఆ చివరి మూడు వాయిదాల్లో ఉన్న వడ్డీ 528 మాత్రమే, ఆఖరి వాయిదాలోనైతే 90 రూపాయల లోపే.

దీన్ని సమాన పంపకంతో పోల్చి చూడండి. 14,000ను 18తో భాగించి మూడు నెలలకు తీసుకుంటే 2,333 వస్తుంది, అంటే మొదటి సంవత్సరం 1,701 తక్కువ చూపినట్టు. మూడో సంవత్సరంలో మళ్లీ 2,333 వస్తుంది. అప్పటికి కొన్నవారి దగ్గర సగటున పన్నెండు వేలు కూడా లేని బాకీ మీద మూడు నెలల్లో అంత వడ్డీ రావడం అసాధ్యమని ఎవరికైనా తెలుస్తుంది. ఎక్సెల్ వాడని షాపుల్లో పాత గుమస్తాలు 18, 17, 16 అంటూ నెలల అంకెలను తిరగేసి కూడి, ఆ నిష్పత్తిలో వడ్డీని పంచేవారు. మన లెక్కలో ఆ మొత్తం 171. మొదటి మూడు నెలల వాటా 51, దాని ప్రకారం వడ్డీ 4,175. అసలు అంకె 4,034కు ఇది చాలా దగ్గర. రేటు మరీ ఎక్కువగానో వ్యవధి మరీ పొడుగ్గానో లేనప్పుడు ఆ పద్ధతి తప్పేమీ కాదు. అయితే RATE చేతిలో ఉండగా ఉజ్జాయింపుతో సరిపెట్టుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఖాతా పుస్తకంలో రాసే తీరు ఇదీ. అమ్మిన రోజున కొన్నవారి ఖాతాకు వాయిదాల మొత్తం 1,08,000, నగదుకు 24,000 డెబిట్ చేసి, అమ్మకాలకు 1,00,000, చెల్లించవలసిన జీఎస్టీకి 18,000, ఇంకా ఆదాయం కాని వడ్డీని ఉంచే వడ్డీ సస్పెన్స్ ఖాతాకు 14,000 క్రెడిట్ చేయండి. రెండు వైపులా 1,32,000 వస్తుంది. ఆ తర్వాత ప్రతి నెలాఖరున ఆ నెల వడ్డీని సస్పెన్స్ ఖాతా నుంచి తీసి వడ్డీ ఆదాయానికి మార్చండి. బ్యాలెన్స్ షీటులో సస్పెన్స్‌లో మిగిలినదాన్ని అప్పుల వైపు విడిగా పెట్టకుండా, కొన్నవారి బాకీ నుంచి తగ్గించి చూపడం నాకు సబబుగా తోస్తుంది. మార్చి 31న మన ఉదాహరణలో ఇంకా రావలసిన వాయిదాలు 90,000, సస్పెన్స్‌లో మిగిలినది 9,966, తేడా 80,034. పైన నెలనెలా వేసిన లెక్కలో బాకీగా వచ్చిన అంకె కూడా ఇదే. ఈ రెండూ ప్రతి ఒప్పందానికీ ప్రతి మార్చి 31న కలవాలి. కలవలేదంటే ఆ ఒప్పందంలో ఎక్కడో ఒక వాయిదా తప్పుగా పడిందని అర్థం.

నెలాఖరు కాకుండా మధ్యలో పడే వాయిదాల గురించి ఒక మాట. ఒప్పందం 16వ తేదీన మొదలైతే, మార్చి 16 నుంచి 31 వరకు వడ్డీ పెరిగింది కానీ వాయిదా రాలేదు. ఆ పదిహేను రోజుల వడ్డీని కూడా ఆ సంవత్సరానికే రాయాలి.

వడ్డీ సమయాన్ని బట్టి వస్తుంది, డబ్బు వచ్చిన తేదీని బట్టి కాదు. మార్చి వాయిదాను కొన్నవారు ఏప్రిల్ 5న కట్టారనుకోండి. మార్చి వడ్డీ 1,275 మార్చిలోనే ఆదాయం, 6,000 మాత్రం మార్చి 31న గడువు దాటిన బాకీగా ఉంటుంది. అయితే డబ్బు వసూలవుతుందన్న నమ్మకం ఉన్నంతవరకే ఇది. కొన్నవారు షాపు మూసేసి వెళ్లిపోయారు, ఫోను ఎత్తడం లేదు అనే స్థితి వస్తే, ఆ రోజు నుంచి వడ్డీని ఆదాయంలోకి మార్చడం ఆపి సస్పెన్స్‌లోనే ఉంచండి, మిగిలిన అసలుకు నష్టపు కేటాయింపు పెట్టండి. అమ్మినప్పుడు రాసిన లక్ష రూపాయల అమ్మకాన్ని మాత్రం వెనక్కి తీయకూడదు. అమ్మిన రోజున వసూలు మీద సందేహం లేనప్పుడు ఆ అమ్మకం సరైనదే, సందేహం తర్వాత పుట్టింది కాబట్టి దానికి కేటాయింపు వేరుగా పెట్టాలన్నది కూడా ఏఎస్ 9 చెప్పేదే.

మీ ఖాతాదారుల్లో హార్బర్‌లో చేపల వ్యాపారం చేసేవారే ఎక్కువ ఉంటారు కాబట్టి ఇంకో విషయం విడిగా చెప్పాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ సరుకు రాదు, వాయిదాలూ రావు. చాలామంది డీలర్లు మర్యాదగా "రెండు నెలలు ఆగి కట్టండి" అంటారు. ఆ మాట లెక్కల్లోకి ఎలా వెళ్తుందన్నది అది ఎప్పుడు అన్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒప్పందంలోనే ఏప్రిల్, మే వాయిదాలు ఉండవని ముందే రాసుకుంటే చిక్కే లేదు. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో మొదట -94000, తర్వాత నెలనెలా రాబోయే మొత్తం, విరామం ఉన్న రెండు నెలలకు సున్నా వేసి, IRRతో రేటు కనుక్కోండి. ఆ రేటు 1.5 కంటే తక్కువగా వస్తుంది. ఆ రెండు నెలల్లో వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, బాకీకి చేరుతుంది.

మధ్యలో, అదనంగా ఏమీ తీసుకోకుండా విరామం ఇస్తే సంగతి వేరు. మార్చి 31న బాకీ 80,034. పాత రేటు ప్రకారమైతే ఏప్రిల్‌కు 1,204, మేకు 1,222 వడ్డీ పెరగాలి. కానీ కొన్నవారు ఇకపై కట్టబోయేది అదే 15 వాయిదాలు, అదే 90,000. అందులో ఉన్న వడ్డీ 9,966 మాత్రమే, ఒక్క రూపాయి కూడా పెరగలేదు. పాత రేటుతో ముందుకు పోతే పుస్తకంలో వడ్డీ పెరుగుతుంది, చివరి వాయిదా కట్టేశాక కూడా కొన్నవారి పేరున మూడు వేలకు పైగా బాకీ మిగిలిపోతుంది. అందుకని మిగిలిన 9,966ను 15 నెలలకు కాక 17 నెలలకు, కొత్త రేటు కట్టి పంచాలి. ఆ రేటు నెలకు 1.2 శాతానికి కాస్త తక్కువగా వస్తుంది. ఇంకో మాటలో చెప్పాలంటే, ఆ రెండు నెలల ఉదారత ఖరీదు మీ వడ్డీ రాబడిలోంచే పోతోంది. దాన్ని పుస్తకంలో అలాగే కనిపించనివ్వండి, వచ్చే సీజనుకు ధర వేసేటప్పుడు పనికొస్తుంది.

ముందస్తుగా తీర్చేసేవారి విషయంలోనూ ఇదే నెలవారీ లెక్క ఆధారం. మార్చి వాయిదా కట్టాక ఒకరు మొత్తం తీర్చేస్తానంటే, వారు మీకు నిజంగా బాకీ ఉన్నది 80,034. మిగిలిన 9,966 మీకింకా రాని వడ్డీ. ఒప్పందం ప్రకారం అందులో కొంత ముందస్తు ముగింపు రుసుముగా ఉంచుకుంటే, ఉంచుకున్నంత మేరకు ఆ రోజు ఆదాయం, వదిలేసినంత మేరకు సస్పెన్స్ ఖాతాకు డెబిట్, కొన్నవారి ఖాతాకు క్రెడిట్. అమ్మకాల ఖాతాను ముట్టుకోనక్కర్లేదు. మీ పాత పద్ధతిలోనైతే ఈ రాయితీ అమ్మకాల తగ్గింపుగా పడేది, ఏ సంవత్సరం అమ్మకాన్ని తగ్గించాలో తెలియని గందరగోళం వచ్చేది.

"వడ్డీ లేని వాయిదాలు" అని బోర్డు పెట్టిన పథకాలకు కూడా ఈ లెక్క తప్పదు. అదే ఫ్రీజర్‌ను నగదుకు లక్షకు ఇస్తూ, వాయిదాలకు మాత్రం "ధర 1,14,000, వడ్డీ సున్నా" అని రాస్తే, ఆ 14,000 పేరు మారింది తప్ప స్వభావం మారలేదు. నగదుకు అసలు అమ్మని మోడల్ అయితే అలాంటి ఖాతాదారుడికి బయట అప్పు ఏ రేటుకు దొరుకుతుందో ఆ రేటుతో వాయిదాలను నేటి విలువకు తగ్గించి అమ్మకం ధరను కట్టాలి.

జీఎస్టీ గురించి మూడు మాటలు. వాయిదాలు 18 నెలలైనా సరుకు మీద పన్ను మాత్రం ఇన్వాయిస్ నెలకే మొత్తం కట్టాలి. మీరు ముందుగా 24,000 తీసుకోవడం నాకు నచ్చింది, ఎందుకంటే అందులో 18,000 మరుసటి నెల పన్నుకే పోతుంది. ముందు కట్టించుకునే మొత్తం ఎప్పుడూ పన్ను కంటే తగ్గకుండా చూసుకోండి. ఇక ఆలస్యానికి వేసే జరిమానా వడ్డీ సీజీఎస్టీ చట్టం సెక్షన్ 15(2)(డి) కింద సరుకు విలువలో భాగమే, విడిగా బిల్లు రాసినా అంతే. అయితే దాని మీద పన్ను ఆ డబ్బు చేతికి వచ్చినప్పుడు పడుతుంది. అసలు వాయిదాల వడ్డీ సంగతి మీ ఒప్పందం మాటల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, నగదు ధరను, వడ్డీని ఒప్పందంలోనూ ఇన్వాయిస్‌లోనూ విడివిడిగా కనిపించేలా రాయించి, ఆ ముసాయిదాను మీ పన్ను సలహాదారుకు చూపించాకే అచ్చు వేయించండి. 1,14,000 ఒక్కటే ధరగా రాసి ఉంటే, అందులో 14,000 వడ్డీ అని అధికారి ముందు నిరూపించడం చాలా కష్టం.

ఒప్పందం అచ్చు వేయించేటప్పుడే దాని పేరు కూడా సరిచూసుకోండి. వాయిదాల అమ్మకంలో ఫ్రీజర్ డెలివరీతోనే కొన్నవారి సొత్తు అవుతుంది. రెండు వాయిదాలు తప్పాయని ఆటో పంపి దాన్ని ఎత్తుకురావడానికి మీకు హక్కు లేదు, మిగిలిన బాకీ కోసం దావా వేయాలి. చివరి వాయిదా దాకా యాజమాన్యం మీ దగ్గరే ఉండాలనుకుంటే అది అద్దె కొనుగోలు ఒప్పందం అవుతుంది, దానికి రాతకోతలు వేరు.

మీ పాత ఒప్పందాల సంగతి చివరగా. పూర్తిగా తీరిపోయినవాటిని కదిలించకండి. ఇంకా నడుస్తున్న ప్రతి ఒప్పందానికీ పై నెలవారీ లెక్క వేసి, గత మార్చి 31 నాటికి ఇంకా రాని వడ్డీ ఎంతో తేల్చండి. ఆ మొత్తం అప్పటికే అమ్మకాల్లో కలిసిపోయి ఉంది. దాన్ని ఈ సంవత్సరం లాభనష్టాల ఖాతాలో గత కాలపు అంశంగా విడిగా చూపించి సస్పెన్స్ ఖాతాకు చేర్చాలి, అది ఎలాంటిదో, ఎంతో తెలిసేలా రాయాలి. ఏఎస్ 5 కోరేది ఇదే. ఆ పని అయ్యాక ఒక పరీక్ష చేసి చూడండి. ఒకే మోడల్ మీద నగదు అమ్మకాల స్థూల లాభ శాతాన్ని, వాయిదాల అమ్మకాల స్థూల లాభ శాతాన్ని పక్కపక్కన పెట్టండి. ఫ్రీజర్ మీకు 82,000కు పడితే రెండు చోట్లా లాభం 18,000గానే ఉండాలి. వాయిదాల వైపు 32,000 కనిపిస్తే ఆ బిల్లులో వడ్డీ ఇంకా అమ్మకంలోనే కూర్చుని ఉంది.